డివిడెండు కోసం ముందురోజు కొని మర్నాడు అమ్మితే చేతిలో ఏమైనా మిగులుతుందా?

స్వాతిచినుకు

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, 30 శాతం పన్ను స్లాబులో ఉన్నాను. మా ఆఫీసులో కొందరు ఒక పద్ధతి గురించి గట్టిగా చెబుతున్నారు. పెద్ద డివిడెండు ప్రకటించిన షేరును ఎక్స్-డేట్‌కు, అంటే ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండు హక్కు ఉండని రోజుకు, ముందురోజు కొనాలి, మర్నాడు ఉదయం అమ్మేయాలి, ఒక్క రాత్రి ఉంచుకున్నందుకే డివిడెండు మన బ్యాంకు ఖాతాకు వస్తుంది అంటున్నారు.

వాళ్లు చూపించే ఉదాహరణ 2025 జనవరిలో టీసీఎస్ ఇచ్చిన 76 రూపాయలు. అందులో 10 మధ్యంతర డివిడెండు, 66 ప్రత్యేక డివిడెండు. డివిడెండు ఎవరికి ఇవ్వాలో కంపెనీ తేల్చుకునే రికార్డు తేదీ జనవరి 17. 16న 100 షేర్లు కొన్నవారికి 7,600 రూపాయలు వచ్చాయి కదా అని వారి వాదన. ఎక్స్-డేట్ నాడు ధర పడుతుందని నాకూ తెలుసు. ఎందుకు పడుతుంది, ఎంత పడుతుంది, పన్నులూ ఖర్చులూ పోను మిగిలేది ఎంత అన్నవి తెలియడం లేదు. అంకెలతో చెప్పగలిగినవారు చెప్పండి.

రామప్పగుడి

తప్పకుండా మిగులుతుందండీ. పెద్ద కంపెనీల పాత ధరలు తీసి చూశాను. ఎక్స్-డేట్ నాడు ధర చెప్పుకోదగ్గంత పడినట్టు నాకు కనబడలేదు. కొన్ని సందర్భాల్లో పెరిగింది కూడా. ఒకవేళ పడినా వారం పది రోజుల్లో మళ్లీ పాత ధరకు వచ్చేస్తుంది. అందుకే మర్నాడే అమ్మాలని తొందరపడకుండా కొన్న ధర వచ్చేదాకా ఆగితే చాలు.

ఇంకో మాట. పన్ను చట్టంలో మూడు నెలల నిబంధన ఉంది. రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లోపు కొని, తర్వాత మూడు నెలల్లోపు అమ్మితే డివిడెండు మేరకు వచ్చిన నష్టాన్ని చూపించనివ్వరు. కాబట్టి నష్టానికి అమ్మవద్దు.

విశ్రాంతజీవి

డివిడెండు వల్ల ఉపయోగం లేదని ఎవరన్నారమ్మా? నేను ప్రభుత్వ రంగ బొగ్గు, విద్యుత్తు కంపెనీల షేర్లు ఏళ్ల తరబడి ఉంచుకున్నాను. పింఛనుకు తోడుగా ఏటా డివిడెండు వస్తోంది. ధర ఎంత పడినా నేను పట్టించుకోను. మంచి కంపెనీ షేరు కొని అమ్మకుండా ఉంచుకోండి, ఈ ఒక్క రాత్రి వ్యవహారాలు ఎందుకు?

పద్దుపుస్తకం

విశ్రాంతజీవి గారూ, మీరు చేస్తున్నది వేరే పని. మీరు కంపెనీ సంపాదనలో ఏళ్ల తరబడి వాటా తీసుకుంటున్నారు. స్వాతి గారు అడుగుతున్నది డివిడెండు హక్కు తేలే ఆ ఒక్క రోజు చుట్టూ కొని అమ్మడం గురించి. రెండింటి లెక్కలూ కలపకూడదు.

ముందు ధర ఎందుకు పడుతుందో చూద్దాం. టీసీఎస్‌కు సుమారు 361.8 కోట్ల షేర్లున్నాయి. షేరుకు 76 చొప్పున ఇస్తే కంపెనీ నుంచి దాదాపు 27,500 కోట్లు బయటికి వెళతాయి. జనవరి 16న షేరు కొన్నవారికి కంపెనీ వ్యాపారంతో పాటు ఆ 76 రూపాయల మీద హక్కు కూడా దక్కింది. 17న కొన్నవారికి వ్యాపారం మాత్రమే దక్కింది. పొద్దున్నే పితికేసిన పాడిగేదెను సంతలో కొనేవాడు ఆ పూట పాలకు డబ్బివ్వడు, ఇదీ అంతే. డబ్బు నిజంగా బ్యాంకులకు చేరింది ఫిబ్రవరి 3న. కానీ అది ఎవరికి చెందుతుందో 17న తేలిపోయింది కాబట్టి ధర కూడా ఆ రోజే సర్దుకుంటుంది, చెల్లింపు రోజు కోసం ఆగదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2023 జనవరి 27 నుంచి మన దగ్గర అన్ని షేర్ల సెటిల్‌మెంటూ కొన్న మర్నాడే పూర్తవుతోంది. అందుకే ఇప్పుడు ఎక్స్-డేట్, రికార్డు తేదీ మామూలుగా ఒకే రోజు వస్తున్నాయి. ముందురోజు మార్కెట్ ముగిసేలోపు కొన్నవారికే హక్కు. రికార్డు తేదీ నాడు కొంటే సరిపోతుందనుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లకు డివిడెండు రాదు, అప్పటికే తగ్గిన ధరకు షేరు మాత్రం వస్తుంది.

స్వాతిచినుకు

కారణం అర్థమైంది, ధన్యవాదాలు. అయితే సరిగ్గా 76 రూపాయలే పడాలి కదా? రామప్పగుడి గారు కొన్నిసార్లు పెరిగిందని కూడా అంటున్నారు.

పద్దుపుస్తకం

మిగతా ప్రపంచం ఆ రోజు కదలకుండా ఆగితే డివిడెండుకు దగ్గరగా పడుతుంది. కానీ ఆగదు. మీరు ఇచ్చిన ఉదాహరణే తీసుకోండి. 16 సాయంత్రం ఇన్ఫోసిస్ ఫలితాలు వచ్చాయి. 17న ఆ షేరు బాగా పడింది, దాని వెంట ఐటీ షేర్లకూ దెబ్బ తగిలింది. టీసీఎస్ ఎక్స్-డేట్ సరిగ్గా అదే రోజు. ఆ రోజు టీసీఎస్ పడిన దాంట్లో డివిడెండు వల్ల ఎంత, ఇన్ఫోసిస్ వల్ల ఎంత అని తెర మీద అంకె చూసి ఎవరూ విడదీయలేరు. మార్కెట్ ఊపు మీదున్న రోజు ఎక్స్-డేట్ పడితే షేరు పెరిగినట్టే కనిపిస్తుంది. అప్పుడు కూడా డివిడెండు తీసేసిన ధర మీదే పెరిగినట్టు.

అయితే మార్కెట్ కదలికలను తీసేసి చాలా కంపెనీల సగటు చూసినా, ధర డివిడెండు కన్నా కొంత తక్కువే పడుతుందని పాత పరిశోధనలు చెబుతున్నాయి. 1970లో ఎల్టన్, గ్రూబర్ అనే ఇద్దరు న్యూయార్క్ మార్కెట్ ధరలు పరిశీలించి, డివిడెండులో సుమారు 78 శాతమే పడుతోందని చూపించారు. వారి వివరణ పన్ను. డివిడెండు మీద ఎక్కువ పన్ను, ధర లాభం మీద తక్కువ పన్ను కట్టే మదుపరి దృష్టిలో ఒక రూపాయి డివిడెండు, ఒక రూపాయి ధరతో సమానం కాదు. అందుకే ధరలో ఒక రూపాయి తగ్గకుండానే బేరం కుదురుతుంది.

మీ ఆఫీసువారు ఆశ పెట్టుకున్నది ఈ తేడా మీదే. అది నిజమైనదే. మీ చేతికి వస్తుందా అన్నదే ప్రశ్న.

ఆడిట్‌గది

పన్ను వైపు నేను చెబుతాను, ఆడిటర్ గారి దగ్గర రిటర్నుల పని చూస్తాను.

రామప్పగుడి గారు చెప్పిన మూడు నెలల నిబంధన 1961 చట్టంలోని 94(7). అది ఉన్న మాట నిజమే, కానీ డివిడెండు పన్ను లేని ఆదాయంగా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. 2020 మార్చి వరకు కంపెనీయే డివిడెండు పంపిణీ పన్ను కట్టేది. మదుపరికి పది లక్షల వరకు అది పన్ను లేని ఆదాయం. పన్ను లేని డివిడెండు ఒక చేత్తో తీసుకుని, ధర నష్టాన్ని మరో చేత్తో ఇతర లాభాలకు సర్దుబాటు చేసుకునే దారిని మూయడానికే ఆ సెక్షన్ తెచ్చారు. ఆ సెక్షన్ రాకముందు లావాదేవీల మీద వాల్‌ఫోర్ట్ అనే సంస్థ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010లో తీర్పు సంస్థకు అనుకూలంగా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మన స్లాబు ప్రకారం పన్ను పడే ఆదాయం అయింది. కాబట్టి ఇప్పుడు మామూలు మదుపరికి 94(7) అడ్డం రాదు. నష్టాన్ని చూపించవచ్చు.

అసలు అడ్డంకి వేరే చోట ఉంది. డివిడెండు 'ఇతర ఆదాయం' కింద వెళుతుంది, మీ స్లాబులో సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పడుతుంది. ధర పడటం వల్ల వచ్చేది స్వల్పకాలిక మూలధన నష్టం. దాన్ని డివిడెండు నుంచి తీసివేయనివ్వరు. మూలధన లాభాల నుంచే తీసివేయాలి, లేకపోతే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లాలి. స్వల్పకాలిక లాభాల మీద రేటు 2024 జూలై 23 నుంచి 20 శాతం, సెస్సుతో 20.8. అంటే వచ్చిన రూపాయి మీద 31.2 పైసలు కడతారు, పోయిన రూపాయి మీద మహా అయితే 20.8 పైసలు వెనక్కి వస్తాయి. వేరే లాభాలు లేకపోతే ఆ ఏడాది ఏమీ రాదు.

మీ 100 టీసీఎస్ షేర్లకు లెక్క వేశాను. సులువుగా ఉండటానికి కొన్న ధర 4,200 అనుకున్నాను, నాటి ధర కూడా దాదాపు అంతే.

పెట్టుబడి 4,20,000. డివిడెండు 7,600. దాని మీద పన్ను 2,371. మిగిలేది 5,229. అప్పట్లో టీడీఎస్ పరిమితి 5,000 కాబట్టి కంపెనీ 760 ముందే పట్టుకుని ఇస్తుంది, మిగతాది మీరు తర్వాత కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది. దానివల్ల మొత్తం పన్ను మారదు, కట్టే సమయమే మారుతుంది.

ఇక ఖర్చులు. బ్రోకరేజీ సున్నా అనుకున్నా ఎస్‌టీటీ అనే షేర్ల లావాదేవీ పన్ను కొనేటప్పుడు 0.1 శాతం, అమ్మేటప్పుడు 0.1 శాతం. రెండూ కలిపి సుమారు 832. స్టాంపు సుంకం 63. ఎక్స్ఛేంజీ రుసుము, దాని మీద జీఎస్టీ, అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా నుంచి పట్టుకునే రుసుము కలిపి మరో 46 దాకా. అంతా కలిపి 940 రూపాయలు. మీ కాంట్రాక్ట్ నోటు పక్కన పెట్టుకుని చూస్తే ఇవన్నీ వరుసగా కనిపిస్తాయి, డీమ్యాట్ రుసుము ఒక్కటి మాత్రం లెడ్జర్‌లో విడిగా ఉంటుంది.

ధర సరిగ్గా 76 పడిందనుకోండి. 5,229 లోంచి 7,600 నష్టం, 940 ఖర్చు తీసేస్తే మీకు 3,311 రూపాయల నష్టం. ఆ ఏడాది మీకు వేరే స్వల్పకాలిక లాభాలు ఉండి ఈ నష్టాన్ని వాటికి సర్దితే పన్నులో 1,581 ఆదా అవుతుంది. అప్పటికీ నష్టం 1,730.

స్వాతిచినుకు

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అంటే ధర ఎంతవరకు మాత్రమే పడితే నాకు నష్టం ఉండదు?

ఆడిట్‌గది

అదే లెక్క తిరగేస్తే చాలు. పన్ను, ఖర్చులు పోను మీ చేతిలో ఉండేది 4,289. వేరే లాభాలు లేకపోతే ధర షేరుకు 43 రూపాయలకు మించి పడకూడదు. అది డివిడెండులో 56 శాతం. వేరే స్వల్పకాలిక లాభాలు ఉంటే 54 రూపాయల దాకా భరించవచ్చు, అంటే 71 శాతం. పద్దుపుస్తకం గారు చెప్పిన 78 శాతం సగటు మన దగ్గరా అలాగే ఉందనుకున్నా మీకు నష్టమే.

రామప్పగుడి

30 శాతం స్లాబువారికి సరే. కానీ ఇంట్లో పన్ను పడనివారి పేరు మీద చేస్తే? కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను లేదు. మా అమ్మగారి ఖాతా ఉంది. డివిడెండు 7,600 పూర్తిగా ఆమెకే మిగులుతుంది.

ఆడిట్‌గది

అమ్మగారికి మీరు బహుమతిగా ఇచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయం మీకు కలపరు, కాబట్టి ఆ దారి చట్టబద్ధమే. భార్య పేరు మీద చేస్తే మాత్రం మీ ఆదాయంలోనే కలుపుతారు. కానీ డబ్బు నిజంగా అమ్మగారిదై ఉండాలి, తర్వాత మీ ఖాతాకు తిరిగి వస్తూ పోతూ ఉండకూడదు.

పన్ను సున్నా అయినా ఖర్చు సున్నా కాదు. 7,600 లోంచి 940 పోతే 6,660. అంటే ధర 66 రూపాయలు 60 పైసలకు మించి పడకూడదు. డివిడెండులో 88 శాతం. దారి కొంచెం వెడల్పయింది, అంతే. పెద్ద డివిడెండు కాబట్టి ఇలా ఉంది. షేరు ధరలో అర శాతం డివిడెండు ఇచ్చే కంపెనీ అయితే 0.22 శాతం ఖర్చే సగానికి దగ్గరగా మింగేస్తుంది.

పద్దుపుస్తకం

ఆ 88 దగ్గర ఆగి చూడండి, కీలకం అక్కడే ఉంది. డివిడెండు మీద పన్ను లేని పెద్దలు మార్కెట్లో ఉన్నారు, వాళ్లే మ్యూచువల్ ఫండ్లు. ఫండు స్థాయిలో డివిడెండుకు పన్ను లేదు. ధర డివిడెండులో 75 శాతమే పడుతుందని నమ్మకంగా తెలిస్తే, అమ్మగారి కన్నా ముందు వాళ్లు ముందురోజు కొనేస్తారు. ఆ కొనుగోళ్లతో ముందురోజు ధర పెరుగుతుంది, మర్నాటి అమ్మకాలతో ధర తగ్గుతుంది. తేడా తమ ఖర్చుల స్థాయికి కుంచించుకుపోయేదాకా అది సాగుతుంది. 1982లో కాలే అనే పరిశోధకుడు ఎల్టన్, గ్రూబర్‌ల వివరణ మీద పెట్టిన అభ్యంతరం ఇదే: మిగిలిన తేడా మదుపరుల పన్ను రేటును కాదు, అతి తక్కువ ఖర్చుతో వ్యాపారం చేయగలవారి ఖర్చును చూపిస్తుంది. అలాంటివారి సరసన మీ ఖర్చు ఎప్పుడూ ఎక్కువే.

పన్నే లేనిచోట ఏమవుతుందో కూడా చూశారు. హాంకాంగ్‌లో డివిడెండుకూ ధర లాభానికీ పన్ను లేదు. అయినా అక్కడ సగటున డివిడెండులో సగం మాత్రమే పడుతోందని ఫ్రాంక్, జగన్నాథన్ 1998లో ప్రచురించారు. చూడగానే అదొక బంగారు గని అనిపిస్తుంది. కారణం వేరు. డివిడెండు వసూలు చేసుకునే తతంగం చాలామందికి బరువు. వాళ్లు ముందురోజు అమ్ముతారు కాబట్టి ముగింపు ధర కొనుగోలుదారు చెప్పే తక్కువ ధర దగ్గర నమోదవుతుంది. మర్నాడు కొంటారు కాబట్టి అమ్మేవాడు చెప్పే ఎక్కువ ధర దగ్గర నమోదవుతుంది. కాగితం మీద ధర తక్కువ పడినట్టు కనబడుతుంది. మామూలు మనిషి ఆ తేడా పట్టుకోబోతే ఎక్కువ ధరకు కొని తక్కువ ధరకు అమ్మాలి. తేడా అంతా మధ్యలో ఉన్న వ్యాపారులకే.

ఇక రామప్పగుడి గారికి ఒక ప్రశ్న. పాత ధరలు ఎక్కడి నుంచి తీశారు?

రామప్పగుడి

యాహూ ఫైనాన్స్ నుంచి, పైథాన్‌లో yfinance తో దించాను. ఇరవై ఏళ్లవి దొరుకుతాయి.

పద్దుపుస్తకం

నేను అనుకున్నది అదే. ఒకసారి ఇది నడిపి చూడండి.

```
import yfinance as yf
d = yf.download("TCS.NS", start="2025-01-10",
                end="2025-01-25", auto_adjust=False)
print(d[["Close", "Adj Close"]])
```

రెండు వరుసలు వస్తాయి. `Close` అంటే ఆ రోజు జరిగిన ముగింపు ధర, బోనస్, విభజనలకు మాత్రమే సర్దినది. `Adj Close` లో డివిడెండును కూడా సర్దుతారు. అంటే ఎక్స్-డేట్‌కు ముందున్న ధరలన్నిటినీ డివిడెండు మేరకు కిందికి దించుతారు. 16వ తేదీ దగ్గర రెండు వరుసల మధ్య తేడా, 17 దగ్గర తేడా పోల్చండి. డివిడెండు వల్ల వచ్చిన మెట్టు మొదటి వరుసలో ఉంటుంది, రెండో వరుసలో చెరిగిపోయి ఉంటుంది. yfinance కొత్త కూర్పుల్లో `auto_adjust` ఏమీ చెప్పకపోతే సర్దిన ధరనే `Close` పేరుతో ఇస్తుంది. అందుకే మీకు ఎక్స్-డేట్ నాడు ధర పడినట్టు కనబడలేదు. ఆ వరుస మీద మళ్లీ డివిడెండును కలిపితే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఈ పద్ధతి లాభదాయకమని చూపే పట్టికలు చాలా వాటిలో దాగిన లోపం ఇది. ఎవరైనా మీకు పట్టిక పంపితే మొదట అడగాల్సిన ప్రశ్న ధరలు సర్దినవా, సర్దనివా అన్నదే.

రామప్పగుడి

సర్దని ధరలతో మళ్లీ చేస్తాను. కానీ పడిన ధర తిరిగి వస్తుందన్నది నేను కళ్లతో చూసిన విషయం. కొన్న ధర వచ్చేదాకా ఆగితే నష్టమే ఉండదు కదా?

పద్దుపుస్తకం

తిరిగి వచ్చిన షేర్లు వచ్చాయి. రానివి కూడా ఉన్నాయి. వేదాంతా 2022-23లో షేరుకు అయిదుసార్లు డివిడెండు ఇచ్చింది, మొత్తం 101 రూపాయల 50 పైసలు. ఆ ఏడాది మొదట్లో డివిడెండు కోసం కొని కొన్న ధర కోసం ఆగినవారు చాలాకాలం ఆగారు. ఏడాది చివరికి ధర మొదటి కన్నా బాగా కిందనే ఉంది. డివిడెండు రూపంలో డబ్బు చేతికి వచ్చింది నిజమే, దాని మీద 31.2 శాతం పన్ను కూడా కట్టారు. కంపెనీ నుంచి బయటికి వెళ్లిన డబ్బు తిరిగి కంపెనీలోకి రావడానికి అది మళ్లీ సంపాదించాలి తప్ప మరో దారి లేదు.

వారం పది రోజుల్లో పెరిగిందంటే అది ఆ వారం మార్కెట్ ఇచ్చిన పెరుగుదల. డివిడెండు అయిపోయాక ఎక్స్-డేట్ నాడే కొన్నవారికీ అదే పెరుగుదల వచ్చింది, పైగా వారికి డివిడెండు పన్ను లేదు. మీ పద్ధతిని పోల్చాల్సింది వారితో.

తీరంవిశాఖ

ధర పడే ప్రమాదాన్ని ఫ్యూచర్స్, అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు, అమ్మి తొలగించుకోవచ్చు కదా? షేర్లు కొని, అంతే పరిమాణానికి ఫ్యూచర్స్ అమ్మితే షేరు పడినంత అక్కడ వస్తుంది. డివిడెండు ఊరికే మిగులుతుంది.

పద్దుపుస్తకం

డివిడెండు ప్రకటించగానే ఫ్యూచర్స్ ధర షేరు ధర కన్నా దాదాపు ఆ మేరకు కిందికి దిగుతుంది. మీరు అమ్మేదే ఆ తగ్గిన ధరకు. కాబట్టి ఎక్స్-డేట్ నాడు షేరు పడినా ఫ్యూచర్స్‌లో ఆ మేరకు లాభం రాదు. డివిడెండు షేరు ధరలో 2 శాతం, అంతకు మించి ఉంటే ఎక్స్ఛేంజీయే ఎక్స్-డేట్‌కు ముందు ఫ్యూచర్స్, ఆప్షన్ల ధరలను డివిడెండు మేరకు సర్దుతుంది. అప్పుడు కూడా ఫలితం అదే. ఆ సర్దుబాటు లేని డివిడెండైతే ముందురోజు రెండు ధరలూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూడండి, తేడాలో డివిడెండు కనబడుతుంది. మార్కెట్ ప్రమాదం మాత్రం తగ్గుతుంది, దానికి బదులు మరో రెండు లావాదేవీల ఖర్చు చేరుతుంది.

డాలస్‌తెలుగు

నేను అమెరికాలో ఉంటాను, ఇక్కడి షేర్ల మీద ఇదే చేయాలని ఒక మిత్రుడు చెప్పాడు. ఇక్కడ డివిడెండు పన్ను తక్కువ కదా?

ఆడిట్‌గది

అక్కడి తక్కువ రేటుకు షరతు ఉందండీ. ఎక్స్-డేట్‌కు 60 రోజుల ముందు మొదలయ్యే 121 రోజుల కాలంలో మామూలు షేరును కనీసం 61 రోజులు ఉంచుకోవాలి. ఒక్క రాత్రి ఉంచినవారి డివిడెండు మామూలు ఆదాయంగా పన్ను పడుతుంది. నష్టానికి అమ్మిన షేరునే 30 రోజుల్లోపు మళ్లీ కొంటే ఆ నష్టాన్ని అప్పటికి ఒప్పుకోరు. ఎక్స్-డేట్ నాడు ధర సగటున ఎంత పడుతోందో చూడకుండా అక్కడా మొదలుపెట్టవద్దు. ఇండియా షేర్ల సంగతి అడిగితే, విదేశాల్లో ఉన్నవారి డివిడెండు మీద పరిమితి ఏదీ లేకుండా మొదటి రూపాయి నుంచి టీడీఎస్ పడుతుంది.

స్వాతిచినుకు

ఇంకో సందేహం. మా ఆఫీసులో ఒకాయన నాలుగైదు సార్లు చేశారు, ప్రతిసారీ లాభం వచ్చిందని చూపిస్తున్నారు. ఆయన కాంట్రాక్ట్ నోట్లు నేను చూశాను, అబద్ధం కాదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పద్దుపుస్తకం

అబద్ధం కానక్కరలేదు. పెద్ద ఐటీ షేరు మామూలు రోజుల్లోనే ఒకటిన్నర శాతం అటూ ఇటూ కదులుతుంది. 4,200 మీద అది 63 రూపాయలు. మనం వెతుకుతున్న తేడా అయిదో పదో రూపాయలు. నాలుగైదు సార్లలో కనబడేది ఆ 63 రూపాయల ఊపు మాత్రమే.

అన్ని ఖర్చులూ పోను నిజంగా 0.2 శాతం లాభం ఉందనుకుందాం, చాలా ఉదారంగా అనుకుంటున్నాం. రోజువారీ ఊపు 1.5 శాతం. ఆ లాభం అదృష్టం కాదని ఓ మోస్తరు నమ్మకంతో చెప్పాలంటే సగటు, దాని అనిశ్చితికి రెండింతలైనా ఉండాలి. 1.5ను రెండుతో హెచ్చించి 0.2తో భాగిస్తే 15, దాని వర్గం 225. అంటే 225 వేర్వేరు డివిడెండు సందర్భాలు కావాలి. ఒకే రోజు ఎక్స్-డేట్ పడిన పది ఐటీ కంపెనీలను పదిగా లెక్కపెట్టడానికి లేదు, అవి కలిసే కదులుతాయి. సాధారణ ఉద్యోగికి ఆ సంఖ్యకు చేరేసరికి ఏళ్లు పడతాయి, ఈలోపు పన్ను చట్టం మారిపోతుంది. 2020లో మారింది, 2024లో మళ్లీ మారింది.

ఆడిట్‌గది

ఒక దారి మాత్రం నేను తోసిపుచ్చలేకపోతున్నాను, అందుకే ఇక్కడ పెడుతున్నాను. షేర్లను పెట్టుబడిగా కాకుండా వ్యాపార సరుకుగా చూపించేవారు ఉన్నారు. లిస్టయిన షేర్లను మదుపరి అలా చూపిస్తే అధికారులు ఒప్పుకోవాలని 2016లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అప్పుడు ధర నష్టం వ్యాపార నష్టం అవుతుంది. వ్యాపార నష్టాన్ని జీతం నుంచి తీయకూడదు గానీ, అదే ఏడాది డివిడెండు నుంచి తీయవచ్చు. ఎస్‌టీటీ కూడా ఖర్చుగా పోతుంది.

స్వాతి గారి అంకెలతో చూస్తే డివిడెండు 7,600, ధర నష్టం 7,600, ఖర్చు 940. పన్ను పడే ఆదాయం ఏమీ మిగలదు. పోయేది 940 మాత్రమే. వచ్చినదానికీ పోయినదానికీ ఒకే రేటు కాబట్టి ఆమెకు కూడా హద్దు 88 శాతం దగ్గరే వస్తుంది, పన్ను లేని అమ్మగారితో సమానంగా.

కానీ అలా చూపిస్తే మీ లాభాలకు 20 శాతం బదులు స్లాబు రేటు పడుతుంది. పుస్తకాలు రాయాలి, వ్యాపార ఆదాయం రిటర్ను వేయాలి. పెట్టుబడికి ఒక ఖాతా, వ్యాపారానికి ఒక ఖాతా విడిగా పెట్టుకోవచ్చని 2007 సర్క్యులర్ ఒప్పుకుంది. ఉద్యోగం చేస్తూ ఏడాదికి పది లావాదేవీలు చేసేవారిని వ్యాపారి అంటే అధికారి ఒప్పుకుంటారా అన్న చోట మా ఆడిటర్ గారికీ నాకూ ఏకాభిప్రాయం లేదు. ఆయన ఒప్పుకోవాలంటారు, నేను నోటీసు వస్తుందంటాను.

తీరంవిశాఖ

నాకు తెలిసిన ఒకరు అలాగే చూపిస్తున్నారు, ఇంతవరకు ఏ నోటీసూ రాలేదు. కానీ ఆయనకు డివిడెండు కాకుండా రోజువారీ కొనుగోళ్లు, అమ్మకాలు చాలా ఉన్నాయి.

ఆడిట్‌గది

అదే తేడా. లావాదేవీల పరిమాణం ఆయనకు అండగా నిలుస్తుంది.

స్వాతిచినుకు

నా వరకు తేలిపోయింది. 56 శాతం హద్దుతో నేను ఈ పని చేయను. మా ఆఫీసువారికి ఈ లెక్క పంపుతాను. ఎప్పటినుంచో కొనాలనుకుంటున్న షేరుకు డివిడెండు వస్తుంటే ఎక్స్-డేట్ దాటాక కొనడమే నాకు మంచిదని కూడా అర్థమవుతోంది, డివిడెండు మీద కట్టే 31.2 శాతం తప్పుతుంది కాబట్టి.

పద్దుపుస్తకం

మీ స్లాబులో అంతే. ధర డివిడెండుకు దగ్గరగా పడితే ఆగి కొన్నవారికే మేలు. ఆ ఒక్క రోజులో మార్కెట్ పెరిగిపోయే అవకాశం ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి.

రామప్పగుడి

సర్దని ధరలతో పట్టిక మొదలుపెట్టాను. ఎక్స్-డేట్ నాటి మార్కెట్ కదలికను తీసేయడానికి నిఫ్టీ వాడనా, నిఫ్టీ ఐటీ వాడనా?

పద్దుపుస్తకం

ఐటీ కంపెనీకి నిఫ్టీ ఐటీ దగ్గరగా ఉంటుంది. 2025 జనవరి 17 లాంటి రోజున ఇన్ఫోసిస్ దెబ్బ అందులోనే కనబడుతుంది. కానీ ఒక చిక్కు ఉంది. ఆ సూచీలో టీసీఎస్ వాటా పెద్దది, మామూలుగా చూసే సూచీలో డివిడెండును కలపరు. కాబట్టి టీసీఎస్ ఎక్స్-డేట్ నాడు సూచీ కూడా ఆ డివిడెండు వల్ల కొంత పడుతుంది. దాన్నే తీసివేస్తే ధర పడింది తక్కువని చూపిస్తుంది మీ పట్టిక. ఎన్‌ఎస్‌ఈ సైట్లో డివిడెండును కలిపి లెక్కవేసే సూచీ విడిగా దొరుకుతుంది, పేరు చివర `TRI` అని ఉంటుంది. అది వాడండి. వీలైతే టీసీఎస్‌ను వదిలేసి మిగతా నాలుగైదు ఐటీ కంపెనీల సగటు కదలికతో కూడా ఒకసారి చూసి, రెండు వరుసలూ ఇక్కడ పెట్టండి.